పర్దా వేశామనుకున్నాం, హవా ఆపేశాం

మా అమ్మీ చెయ్యి పోయిన రంజాన్‌లో విరిగింది. సహరీకి లేచి, వుజూ చేద్దామని గుసుల్‌ఖానాలోకి వెళ్లి, చీకట్లో జారిపడింది. కరెంటు పోయి కాదు. బల్బు ఉంది, స్విచ్ ఉంది, కరెంటూ ఉంది. తనే లైటు వేసుకోలేదు. రెండేళ్లుగా వేసుకోవడం లేదట. ఆ సంగతి చెయ్యి విరిగాక గాని నాకు తెలియలేదు.

"లైటేస్తే అద్దం మీద నీడ పడుతుంది బేటా. ఎదురు మేడ మీద మొగపిల్లలుంటారు" అంది కట్టు వేయించుకుని ఇంటికొస్తూ ఆటోలో.

ఇంటికొచ్చి మా బేగంని అడిగాను. "నేనూ అంతే. మీ చెల్లెలొచ్చినా అంతే. ఎప్పుడడిగారు మీరు?" అంది. అంటే గాజువాకలో నేను వాయిదాలు కడుతున్న ఫ్లాట్‌లో, నా ఇంటి ఆడవాళ్లు రెండేళ్లుగా చీకట్లో స్నానం చేస్తున్నారు. నేను మాత్రం హాయిగా లైటేసుకుని, పాట పాడుకుంటూ స్నానం చేస్తున్నాను. ఈ ముక్క రాయడానికి సిగ్గుగానే ఉంది. రాయకపోతే ఇంకా సిగ్గు.

ఆ ఫ్లాటు కొన్నప్పుడు కాంట్రాక్టరు నాకు ఆ కిటికీ చూపించి మరీ చెప్పాడు. "బాయ్‌గారూ, మీ వాళ్లకి పర్దా ముఖ్యం కదా, అందుకే తెరుచుకోని ఫ్రాస్టెడ్ గ్లాసు వేయించాం. ఎవరికీ ఏటీ కనిపించదు." నేను షుక్రియా చెప్పాను. అదీ నా తెలివి. ఆ ఒక్క అద్దం మా ఇంట్లో రెండు పనులు చేసింది. రాత్రి పూట పర్దా తీసేసింది. పగలూ రాత్రీ హవా ఆపేసింది. మొదటి దానివల్ల అమ్మీ చీకట్లోకి వెళ్లింది. రెండో దానివల్ల నేల ఎప్పుడూ ఆరలేదు. చీకటీ, తడి నేలా కలిస్తే ఏమవుతుందో మా అమ్మీ మణికట్టు చెప్పింది.

ఇది నా ఒక్కడి కిస్సా అయితే రాసేవాణ్ని కాదు. మన మొహల్లాల్లో ఏ ఇంటికెళ్లినా గుసుల్‌ఖానా కిటికీ మూసే ఉంటోంది. కొందరు అట్టముక్క కొడతారు. కొందరు పాత క్యాలెండరు అంటిస్తారు. డబ్బున్నవాళ్లు కదలని ఫ్రాస్టెడ్ అద్దం వేయిస్తారు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: పర్దా. నా జిద్దు ఇదీ: పర్దా అంటే మూసెయ్యడం కాదు. పర్దా అంటే బయటి నజర్‌ని తెగ్గొట్టడం. గాలి వంగి వెళ్తుంది, చూపు వంగదు. ఈ చిన్న ఫరక్ తెలిసిన వాడు గాలిని ఆపకుండా చూపుని ఆపుతాడు. తెలియనివాడు రెంటినీ కలిపి చంపుతాడు. మన ఫ్రాస్టెడ్ అద్దం ఇంకా ఘోరం, ఆపాల్సిన చూపును ఆపకుండా గాలిని ఆపింది.

ముందు ఆ అద్దం సంగతే చెబుతాను.

ఫ్రాస్టెడ్ గ్లాసు అంటే గరుకు చేసిన అద్దం. ఆ గరుకు మీద వెలుగు చెదిరిపోతుంది కాబట్టి అవతల ఉన్నది స్పష్టంగా కనిపించదు. పగలు బయట వెలుగెక్కువ, లోపల తక్కువ. బయటనుంచి చూసేవాడికి తెల్లటి పలక తప్ప ఏమీ కనిపించదు. కాంట్రాక్టర్లు ఇల్లు చూపించేది పగలే కదా! ఇషా అయ్యాక, సహరీ వేళకి లెక్క తిరగబడుతుంది. బయట చీకటి, లోపల బల్బు. ఇప్పుడా అద్దం సినిమా తెర. మనిషి అద్దానికి ఎంత దగ్గరగా నిలబడితే నీడ అంచులు అంత స్పష్టంగా పడతాయి. మా ఇంట్లో బల్బు కిటికీకి సరిగ్గా ఎదురుగోడ మీద ఉండేది. మనిషి బల్బుకీ అద్దానికీ మధ్య నిలబడక తప్పదు. మొత్తం కద్దు, చేతుల కదలిక అన్నీ తెర మీదే.

ఇంకో మతలబు ఉంది. గరుకు చేసిన ముఖం తడిస్తే అద్దం దాదాపు మామూలు అద్దమైపోతుంది. గరుకు గుంటల్లో నీళ్లు నిండి పైభాగం మళ్లీ చదునవుతుంది, వెలుగు చెదరడం తగ్గిపోతుంది. నమ్మకం లేకపోతే వేలు తడిపి అద్దం మీద గీత గీయండి. ఆ గీతలోంచి బయటి ప్రపంచం కనిపిస్తే, ఆ గరుకు ముఖం మీ వైపే ఉంది, స్నానం చేసినప్పుడల్లా పడే నీటి చుక్కలు ఒక్కోటీ ఒక్కో చిన్న రంధ్రం. మా అద్దం మీద నేను గీశాను. ఎదురు మేడ మీద ఆరేసిన లుంగీ రంగు కనిపించింది.

అద్దమే కావాలంటే, అచ్చులోంచి తీసిన డిజైను గ్లాసు మేలు. దాని ముఖం సన్న గరుకు కాదు, పెద్ద పెద్ద ఎత్తుపల్లాలు. నాలుగు చుక్కలు పడితే ఆ ఎత్తుపల్లాలు నిండిపోవు. దాని మీద కూడా రాత్రి నీడ పడుతుంది, అబద్ధం చెప్పను. నీడకి మందు అద్దంలో లేదు, బల్బులో ఉంది. బల్బును కిటికీ ఉన్న గోడమీదే, కిటికీకి పైన పెట్టించండి. అప్పుడు మనిషి నీడ కిటికీ మీద కాకుండా ఎదురుగోడ మీద పడుతుంది. ఇంత చిన్న పని. రెండేళ్లు నాకు తట్టలేదు.

ఇక హవా సంగతి.

మన గుసుల్‌ఖానా అందరి బాత్రూముల్లాంటిది కాదు. చాలా ఇళ్లలో పొద్దున స్నానాలయ్యాక మళ్లీ సాయంత్రం దాకా బాత్రూము ఆరుతుంది. మన ఇంట్లో ఫజర్‌కి వుజూ, జొహర్‌కి వుజూ, అసర్, మగ్రిబ్, ఇషా. నమాజీలు ముగ్గురున్నా రోజుకి పదిహేను సార్లు నేల తడుస్తుంది. స్నానాలు, బట్టలు వేరే. ఆ నీరంతా నాలీలోకి పోదు. నేలకి, గోడకి, బకెట్టుకి అంటుకున్న తడి గాలిలో కలిసి బయటికి పోవాలి. పోయే దారి లేకపోతే గోడలోకే పోతుంది. పైగా ఇది విశాఖపట్నం. సముద్రం పక్కన బయటి గాలే తేమగా ఉంటుంది. ఇలాంటి ఊళ్లో నిలిచిన గాలి దేన్నీ ఆర్పదు, కదిలే గాలే ఆరుస్తుంది.

సీలన్ పట్టిందో లేదో ఎలా తెలుస్తుందంటే, స్నానమయ్యాక అద్దం మీద ఆవిరి అరగంటైనా వీడదు. గుసుల్‌ఖానా గోడకి అవతలి వైపు, అంటే పడకగదిలో, సున్నం పొంగి పెచ్చులు లేస్తుంది. కప్పు మూలల్లో నల్లచుక్కలొస్తాయి. ఇక్కడ మన వైజాగ్ వాళ్లకి ఒక మంచి బహానా ఉంది. నలుపు ఏది కనిపించినా "పోర్టు దుమ్ము" అనేస్తాం. పోర్టు దుమ్ము నిజమే. కోటవీధిలో మేం పెరిగిన ఇంట్లో పొద్దున తుడిచిన గచ్చు సాయంత్రానికి పాదాలకి నల్లగా అంటేది. కానీ దుమ్ము పొడిగుడ్డకి వచ్చేస్తుంది, అది కిటికీ అంచున, నేల మీద పేరుకుంటుంది. తుడిచిన వారానికే అదే మూలలో, అదే ఆకారంలో, ముక్క వాసనతో మళ్లీ వచ్చిందంటే అది ఫఫూంద్, అంటే బూజు. దానికి తప్పు పోర్టుది కాదు, మన కిటికీది.

కోటవీధి ఇల్లు అన్నాను కదా. అబ్బా పోర్టులో కలాసీగా చేసేరోజుల్లో అద్దెకున్న పెంకుటిల్లు. పెరట్లో గుసుల్‌ఖానా. దానికి కిటికీ లేదు, తలకన్నా ఎత్తులో ఒక రోషన్‌దాన్ ఉండేది, ఏటవాలు చెక్కపట్టీలతో. నానీమా అందులోనే స్నానం చేసింది, అమ్మీ చేసింది, ఎవరూ లాంతరు ఆర్పుకోలేదు. ఆ ఇంటికి ఆర్కిటెక్టు లేడు. కట్టిన మేస్త్రీకి చూపు ఎటునుంచి వస్తుందో తెలుసు, అంతే.

మనం హైదరాబాద్ వెళ్లి పైగా సమాధుల జాలీలు చూసి సుభానల్లా అంటాం. ఆ జాలీ పగలు లోపలివాళ్లకి బయటిది చూపిస్తుంది, బయటివాళ్లకి లోపలిది చూపించదు, ఎందుకంటే లోపల వెలుగు తక్కువ. రాత్రి లోపల దీపం పెడితే దాని పర్దా కూడా పోతుంది. ఏటవాలు పట్టీలకి, అంటే ఇప్పుడు మనం లూవర్స్ అనేవాటికి, ఆ కమ్‌జోరీ తక్కువ. అవి వెలుగు మీద ఆధారపడవు, చూపు దారికి అడ్డంగా నిలబడతాయి. కాని సరిగ్గా పెడితేనే.

సరిగ్గా అంటే ఏమిటో మా ఇంట్లో చేయించిన పని లెక్కతో చెబుతాను.

మా కిటికీ 2 అడుగుల వెడల్పు, నేలనుంచి 4 అడుగుల దగ్గర మొదలై 7 అడుగుల దగ్గర లింటెల్‌ని తాకేది. ఎదురు మేడ పది అడుగుల దూరం. నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తులో కిటికీ పెట్టి, పర్దా కోసం అద్దం వేశామనడం ఎంత హాస్యం! ముందు కింది అడుగున్నర ఇటుకతో కట్టించాను. ఇప్పుడు కిటికీ అంచు అయిదున్నర అడుగుల దగ్గర మొదలవుతుంది. పర్దాలో సగం పని ఈ ఇటుకలే చేశాయి. మిగిలిన 18 అంగుళాల ఎత్తులో తిరిగే అద్దపు లూవర్లు వేయించాను. ఒక్కో అద్దం పట్టీ వెడల్పు 4 అంగుళాలు. పట్టీకీ పట్టీకీ మధ్య మూడున్నర. మూసినప్పుడు ఒకదానిమీద ఒకటి అరంగుళం ఎక్కాలి కదా, అందుకు. మొత్తం అయిదు పట్టీలు సరిగ్గా సరిపోయాయి.

పట్టీ బయటి అంచు కిందికి, లోపలి అంచు పైకి ఉండాలి. అప్పుడు వాన బయటికి జారుతుంది. మనకన్నా ఎత్తులో ఉన్నవాడి చూపు పట్టీకి తగిలి ఆగుతుంది. కిందినుంచి చూసేవాడికి మన కప్పు కనిపిస్తుంది, చూసుకోనివ్వండి. దీన్ని తలకిందులుగా బిగించిన ఇల్లు ఒకటి చూశాను. వాన లోపలికి, పై అంతస్తు నజర్ కూడా లోపలికి.

ఎంత తెరవాలన్నది ఇంకో మాట. పూర్తిగా తెరిస్తే పట్టీలు పడుకుంటాయి, ఎదుటివాడికి అంతా బట్టబయలు. సగం తెరిస్తే 4 అంగుళాల పట్టీ నిలువులో దాదాపు 2.8 అంగుళాలే కప్పుతుంది. మధ్య దూరం మూడున్నర. అంటే ప్రతి రెండు పట్టీల మధ్యా ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ సందు, సమాన ఎత్తులో నిలబడ్డవాడికి నేరుగా కనిపిస్తుంది. మూడో వంతు మాత్రమే తెరిస్తే పట్టీ నిలువులో దాదాపు మూడున్నర అంగుళాలు కప్పేస్తుంది, సందు పోతుంది. మరి గాలి? ఏటవాలుగా రెండు పట్టీల మధ్య ఇంకా అంగుళంన్నర పైచిలుకు దారి ఉంటుంది. చూపుకి దారి లేదు, గాలికి ఉంది. నేను పిడి అంతకన్నా తిరగకుండా చట్రానికి ఒక చిన్న స్క్రూ అడ్డం కొట్టించాను. ఇప్పుడు పిల్లలు లాగినా అక్కడితో ఆగుతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే కిటికీ ఎందుకు అనేవాళ్లున్నారు. మా బహనోయీ సాబ్ అందులో ఒకరు. ఆయన ఇంట్లో ఫ్యాను రోజంతా గుయ్యిమంటుంది, నేల మాత్రం ఆరదు. ఫ్యాను గాలిని బయటికి నెట్టాలంటే ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా జనాబ్? ఆయన తలుపు కింద గడపకి అతుక్కుని ఉంది. 6 అంగుళాల ఫ్యాను రంధ్రం వైశాల్యం 28 చదరపు అంగుళాలు. రెండున్నర అడుగుల తలుపు కింద ఒక్క అంగుళం సందు వదిలితే 30 చదరపు అంగుళాలు. హిసాబ్ సరిపోయింది. ఆ సందులోంచి వచ్చే గాలి నేలను రాసుకుంటూ వెళ్లి ఫ్యానులోంచి బయటపడుతుంది, నేల ఆరుతుంది. తలుపు కింద అంగుళం సందులోంచి ఎవరూ చూడలేరు, నేలమీద బోర్లా పడుకుంటే తప్ప. అదీ భయమైతే తలుపు అడుగున తలకిందులైన వీ ఆకారపు పట్టీల జాలీ పెట్టించండి, అందులో ఏ కోణంనుంచీ నేరు దారి ఉండదు. ఇంకొక్క మాట: ఫ్యాను, లూవర్లు ఒకే గోడమీద ఉంటే, ఫ్యాను తిరిగేటప్పుడు లూవర్లు మూసెయ్యండి. లేకపోతే ఫ్యాను పక్కనున్న కిటికీ గాలినే పీల్చి పారేస్తుంది, నేల దగ్గరి తడి అలాగే ఉంటుంది. ఫ్యాను ఆపాక లూవర్లు తెరవండి.

తలుపు దగ్గరికొచ్చాం కాబట్టి చౌకట్ సంగతి కూడా.

మా చెక్క చౌకట్ రెండేళ్లలో అడుగు నాలుగంగుళాలు కుళ్లింది. పైన పెయింటు మెరుస్తూనే ఉంది. తాళంచెవితో పొడిస్తే బిస్కెట్‌లా లోపలికి పోయింది. చెక్క నీళ్లు తాగేది పక్కలనుంచి కన్నా కోసిన కొసనుంచి ఎక్కువ. ఆ కొసే తడినేల మీద నిలబడి ఉంటుంది, దానికి ఎవరూ రంగు వెయ్యరు. తలుపుదీ అంతే. కింది అంచు కోసి వదిలేస్తారు, అక్కడినుంచి ఉబ్బుతుంది. దుకాణంలో ప్లైవుడ్ మీద ఎంఆర్ అని ఉంటే, తేమను తట్టుకుంటుందని చెప్పి అమ్ముతారు. ఐఎస్ 303లో అది కింది రకం, గాలిలో తేమకే గాని నీళ్లకి కాదు. గుసుల్‌ఖానాకి కనీసం బీడబ్ల్యూఆర్ అన్న ముద్ర, లేదా ఐఎస్ 710 మెరైన్ ప్లై ఉండాలి. అప్పుడు కూడా అంచులన్నీ మూయించాలి.

నేను ఆ ఝంఝాటం పెట్టుకోలేదు. నల్ల గ్రానైట్ చౌకట్ వేయించాను. మన రాష్ట్రంలో గ్రానైట్‌కి కరువా? దానికి దీమక్ పట్టదు, జంగ్ పట్టదు, ఉబ్బదు. దెహలీజ్ కూడా అదే రాయి, నేలకన్నా అరంగుళం ఎత్తు, నీళ్లు గదిలోకి రాకుండా. తలుపు కింద అంగుళం సందు ఆ రాయి పైనుంచి కొలిపించాను. తలుపు పీవీసీ. ఇంకా డబ్బుంటే డబ్ల్యూపీసీ బావుంటుంది, బరువుగా, స్క్రూ పట్టు గట్టిగా. రాయికి తలుపు బిగించే బందులు మాత్రం ఇనుపవి వద్దు. సముద్రపు గాలిలో ఇనుప స్క్రూ ఏడాదికే రాయిమీద ఎర్రటి చారలు కారుస్తుంది. స్టీలువే వేయించండి, 304 కన్నా 316 రకం ఉప్పు గాలికి బాగా తట్టుకుంటుంది. యూపీవీసీ కిటికీ వేసుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి: దాని కింది పట్టీలో నీళ్లు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మన ఊళ్లో అవి నల్ల దుమ్ముతో పూడిపోతాయి. నెలకోసారి అగరుబత్తి పుల్లతో పొడిస్తే చాలు.

లూవర్లకి ఐబులు లేవని నేననను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊళ్లో వాన పైనుంచి పడలేదు, పక్కనుంచి వచ్చింది. అలాంటి రోజు అద్దపు లూవర్లు మూసినా నీళ్లు చిమ్ముతాయి. అది గుసుల్‌ఖానాయే కదా, తుడుచుకుంటాం. పట్టీల మీద పోర్టు దుమ్ము పేరుకుంటుంది, వారానికోసారి కడగాలి. దోమల జాలీ లోపలి వైపు ఉండాలి, తీసి కడిగేలా. కింది అంతస్తు వాళ్లకి మాత్రం గట్టి హెచ్చరిక: ఈ అద్దపు పట్టీలు బయటినుంచి ఒక్కోటి ఊడలాగవచ్చు. వెనక కడ్డీల గ్రిల్ లేకుండా వెయ్యకండి.

ఇవన్నీ విన్న ఒక బుజుర్గ్ నాతో అన్నారు, "ఇన్ని హిక్మత్‌లెందుకు మియా, అట్టముక్క కొట్టేస్తే పోలా?" అని. ఆయనకి నా జవాబు ఇక్కడే రాస్తున్నాను. చచ్చా, ఆ అట్టముక్క వెనక మీరు స్నానం చెయ్యరు. లైటు ఆర్పుకుని, తడినేల మీద తడుముకుంటూ వుజూ చేసేది మీరు కాదు. ఆ గది కిటికీ ఎలా ఉండాలో నిర్ణయించేది మగాళ్లు, దాని నుక్సాన్ భరించేది ఆడవాళ్లు. ఇంట్లో ఆడవాళ్ల హయా గురించి గంటసేపు మాట్లాడగలిగే మనం, వాళ్లు ఏ వెలుగులో స్నానం చేస్తున్నారో ఒక్కసారి అడగలేకపోయామంటే ఆ మాటల విలువెంత?

కాబట్టి ఒక గుజారిష్. ఈ రాత్రి ఇషా అయ్యాక గుసుల్‌ఖానాలో లైటు వేసి, ఇంట్లో మగపిల్లాణ్ని ఎవరినైనా బట్టలతో లోపల నిలబడి చెయ్యెత్తమనండి. మీరు కిందికి దిగి, ఎదురుగా పడోసి మేడ ఉంటే వాళ్లనడిగి అక్కణ్నుంచీ ఒకసారి చూడండి. ఎత్తిన చెయ్యి కనిపిస్తే మీ ఇంట్లో పర్దా లేదు, ఎంత ఖరీదైన అద్దమైనా సరే. తిరిగొచ్చి మీ అమ్మీని, బీవీని, బేటీని అడగండి, లైటు వేసుకుంటున్నారా అని.

మా అమ్మీ కట్టు విప్పి మూడు నెలలైంది. ఇప్పటికీ గుసుల్‌ఖానాలోకి వెళ్లే ముందు ఒక్క క్షణం స్విచ్ దగ్గర ఆగుతుంది. అలవాటు. తర్వాత వేస్తుంది.